లిమిట్ పెంచమని రాసే ముందు కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలి

క్రెడిట్ కార్డు ఇచ్చిన సంస్థ దగ్గర మన పేరు మీద ఒక ఫైలు ఉంటుంది. అందులో మన ఆదాయం కార్డు తీసుకున్న రోజు ఎంత అని రాసుకున్నారో అంతే ఉంటుంది. ఆ తర్వాత వ్యాపారం పెరిగినా, జీతం రెట్టింపైనా ఆ అంకె దానంతట అది మారదు. కట్టిన బిల్లులు, ఆలస్యమైన బిల్లులు మాత్రం నెలనెలా అదే ఫైలులో చేరుతూ ఉంటాయి. అంటే సంస్థకి మన కట్టుబడి తెలుసు, ఇప్పటి సంపాదన తెలియదు. లిమిట్ పెంచమని రాసే ఉత్తరం ఆ ఖాళీని పూరించాలి. దానికి మించి పెద్దగా చేయాల్సింది లేదు, దానికి తగ్గితే పని జరగదు.

కానీ చాలామంది రాసే ఉత్తరాల్లో ఉండేది అవసరం. చెల్లెలి పెళ్లి ఉంది, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాలి, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడింది అని రాస్తారు. బాధ నిజమే, అవతల చదివేవాళ్లూ మనుషులే. అయినా లిమిట్ నిర్ణయించే విభాగానికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది: ఈయన చేతిలో డబ్బు లేదు, పెంచిన లిమిట్ మొత్తం ఒకేసారి వాడేస్తాడు, తర్వాత కట్టలేకపోవచ్చు. అవసరం గురించి రాసిన ప్రతి వాక్యం అప్పు ఇచ్చేవాడికి భయం పెంచుతుంది. తీర్చగల శక్తి గురించి రాసిన వాక్యం, దాని వెనక కాగితం ఉంటే, భయం తగ్గిస్తుంది.

పైగా 2023 నవంబరు నుంచి బ్యాంకులకి ఈ అప్పు ఖరీదైంది. తాకట్టు లేని అప్పులు మరీ వేగంగా పెరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ ఆ నెల 16న కార్డు బకాయిల రిస్క్ వెయిట్‌ను బ్యాంకులకి 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. సులువుగా చెప్పాలంటే, కనీస మూలధనం 9 శాతం లెక్కన కార్డు మీద 100 రూపాయల బకాయి ఉంటే బ్యాంకు తన సొంత డబ్బు 11.25 రూపాయలు పక్కన పెట్టుకుంటే సరిపోయేది, ఇప్పుడు 13.50 పెట్టాలి. అందుకే అడగ్గానే పెంచే రోజులు కావివి.

ఇందులో ఎక్కువ చిక్కు పడేది జీతగాళ్లు కాదు. వాళ్లకి మూడు నెలల పే స్లిప్పులు, ఫామ్ 16, జీతం పడే అకౌంటు ఆరు నెలల స్టేట్‌మెంటు ఉంటే చాలు. మూడూ ఒకే సంస్థ పేరు, దగ్గరదగ్గర ఒకే మొత్తం చూపిస్తాయి కాబట్టి పేచీ తక్కువ. చిక్కంతా చిన్న వ్యాపారులది. నెలనెలా ఒకే మొత్తం రాదు, సగం నగదులో వస్తుంది, ఐటీఆర్‌లో ఒకటి ఉంటుంది, గల్లాపెట్టెలో ఇంకొకటి ఉంటుంది. కాబట్టి అలాంటి ఒక ఉదాహరణనే చివరిదాకా తీసుకుందాం.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బైకు స్పేర్ పార్టుల షాపు ఉన్న ఒకాయన అనుకుందాం. 2021లో కార్డు తీసుకున్నప్పుడు ఏడాదికి 3,60,000 ఆదాయం చూపించాడు. లిమిట్ 60,000 ఇచ్చారు. ఇప్పుడు షాపు టర్నోవరు ఏడాదికి 84 లక్షలు. అందులో 54 లక్షలు యూపీఐ, బ్యాంకు ద్వారా వస్తే, 30 లక్షలు నగదు. ఖర్చులన్నీ పోను నిజంగా మిగిలేది నూటికి పది, అంటే 8,40,000. ఇంటి లోను ఈఎంఐ 16,500. రికార్డుల ప్రకారం బైకు లోను ఈఎంఐ 3,200. లిమిట్ 1,50,000 కావాలని ఆయన కోరిక.

మన జిల్లాల్లో చాలామంది చిన్న వ్యాపారుల్లాగే ఆయనా ఐటీఆర్-4 వేస్తాడు. దాన్నే సుగమ్ అంటారు. ఇందులో లెక్క పుస్తకాలు రాయక్కర్లేదు. డిజిటల్‌గా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం లాభం చూపిస్తే చాలు. ఆ లెక్కన 54 లక్షల మీద 3,24,000, 30 లక్షల మీద 2,40,000, మొత్తం 5,64,000. ఆడిటరు దగ్గర కూర్చుంటే ఐదు నిమిషాల్లో అయిపోయే పని. ఏళ్లుగా అలాగే చూపిస్తున్నాడు.

ఇప్పుడు కార్డు సంస్థ వైపు నుంచి చూద్దాం. ప్రతి సంస్థకీ తన సూత్రం ఉంటుంది, అది బయట పెట్టదు. కానీ దాని స్వరూపం ఇంచుమించు ఇలా ఉంటుంది: నెల ఆదాయంలో సగం వరకు అప్పుల కిస్తీలకి పోవచ్చు అనుకుంటారు, అందులోంచి ఇప్పటికే ఉన్న ఈఎంఐలు తీసేస్తారు, మిగిలినదాంట్లో కార్డు బిల్లు ఇమడాలి. కార్డు భారాన్ని కొన్నిచోట్ల లిమిట్‌లో 5 శాతంగా, కొన్నిచోట్ల బకాయిలో 5 శాతంగా లెక్కేస్తారు. ఇక్కడ లిమిట్ మీదే లెక్కేద్దాం. 5,64,000ని పన్నెండుతో భాగిస్తే నెలకి 47,000. అందులో సగం 23,500. రెండు ఈఎంఐలు కలిపి 19,700 తీసేస్తే మిగిలేది 3,800. దాన్ని 5 శాతం అనుకుంటే లిమిట్ 76,000 దగ్గర ఆగిపోతుంది. ఆయనకి ఇప్పటికే 60,000 ఉంది. అంటే ఆయన ఎంత చక్కటి ఉత్తరం రాసినా, ఎంత క్రమంగా బిల్లు కట్టినా, ఈ కాగితంతో పెరిగేది పదహారు వేలే.

నిజంగా మిగిలిన 8,40,000 ఐటీఆర్‌లో ఉంటే? నెలకి 70,000, సగం 35,000, ఈఎంఐలు పోను 15,300. ఆదాయం పెరిగింది దాదాపు సగమే, కార్డుకి మిగిలే చోటు మాత్రం నాలుగు రెట్లయింది. ఈఎంఐలు మారకుండా ఆదాయం పెరిగితే ఆ పెరిగినదాంట్లో కిస్తీలకి లెక్కేసే సగమంతా ఇటే వస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

అయితే అంత ఆదాయం చూపిస్తే పన్ను పడదా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. పాత రోజుల్లో ఆ భయం సరైనదే. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు మామూలు ఆదాయం మీద రిబేటు పోను కట్టాల్సిన పన్ను సున్నా. 5,64,000 చూపించినా సున్నాయే, 8,40,000 చూపించినా సున్నాయే. సుగమ్‌లో ఉన్న 6, 8 శాతాలు కనీస మొత్తాలు. అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలని చట్టం ఉద్దేశం కూడా. కాబట్టి ఇప్పుడు కనీస శాతం దగ్గర ఆగిపోవడం వల్ల ఆయనకి పన్నులో మిగిలేది ఏమీ లేదు, లిమిట్‌లో పోయేది చాలా ఉంది. ఈ మాట ఆడిటరుతో ఐటీఆర్ వేసే ముందే మాట్లాడుకోవాలి, కార్డు కోసం కాగితాలు వెతుక్కునే రోజున కాదు. లేని లాభాన్ని చూపించడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. అది తప్పుడు పత్రం, దాని మీద వచ్చే లిమిట్ తీర్చలేని అప్పు అవుతుంది.

ఒక్క ఏడాది పెంచి చూపించగానే సంస్థ ఆ అంకెనే తీసుకుంటుందనుకోకూడదు. వ్యాపారుల విషయంలో సాధారణంగా రెండేళ్ల ఐటీఆర్‌లు అడుగుతారు. రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే సగటు తీసుకునేవాళ్లే ఎక్కువ. 5,64,000, 8,40,000 సగటు 7,02,000. నెలకి 58,500, సగం 29,250, ఈఎంఐలు పోను 9,550. అంటే లిమిట్ సుమారు 1,91,000 దాకా ఇముడుతుంది. ఆయన అడగాలనుకున్న 1,50,000 అందులోనే ఉంది. రెండేళ్ల ఐటీఆర్‌లూ ఒకే వారంలో, అదీ దరఖాస్తుకి కాస్త ముందు వేసి ఉంటే అనుమానంగా చూస్తారు, ఒక్కోసారి పక్కన పెట్టేస్తారు. ఐటీఆర్ రసీదు మీద వేసిన తేదీ ఉంటుంది, చదివేవాళ్లు మొదట చూసేవాటిలో అదొకటి. రసీదు ఒక్కటే పంపినా చాలదు, ఆదాయం లెక్క వేసిన కాగితం కూడా జత చేయాలి. ఎందుకంటే లాభం ఎక్కడి నుంచి వచ్చిందో అందులోనే తెలుస్తుంది.

తర్వాత చూసేది బ్యాంకు స్టేట్‌మెంటు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. షాపు కౌంటరు మీద క్యూఆర్ స్టిక్కర్లు మూడు ఉంటాయి. ఒకటి కరెంటు అకౌంటుది, ఒకటి ఆయన సేవింగ్స్ అకౌంటుది, మూడోది భార్య పేరున ఉన్నది. ఏది స్కాన్ చేసినా డబ్బు ఇంటికే వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఐటీఆర్‌లో 54 లక్షలు డిజిటల్ అని రాసి, కరెంటు అకౌంటు స్టేట్‌మెంటులో 31 లక్షలే కనిపిస్తే, మిగతా 23 లక్షలు ఏమయ్యాయని అడుగుతారు. అడిగితే మేలే, చాలాసార్లు అడగకుండానే తక్కువ అంకె తీసుకుంటారు. జీఎస్టీ రిటర్నుల్లో టర్నోవరు ఇంకో రకంగా ఉంటే పరిస్థితి మరీ ఇబ్బంది. దరఖాస్తుకి కనీసం ఆరు నెలల ముందు నుంచి షాపు డబ్బంతా ఒకే కరెంటు అకౌంటులో పడేలా చేసుకోవడం, నగదు అమ్మకాలు కూడా వారానికోసారి అదే అకౌంటులో జమ చేయడం దీనికి మందు. బుడ్డల పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో అమ్మకాలు పెరిగి, ఎండాకాలంలో తగ్గడం మన దగ్గర మామూలే. ఆ ఎత్తుపల్లాలు స్టేట్‌మెంటులో కనిపించినా నష్టం లేదు, పన్నెండు నెలలది పంపితే చదివేవాళ్లకి అది సీజను అని అర్థమవుతుంది. మూడు నెలలదే పంపితే, ఆ మూడూ డల్ నెలలైతే, వ్యాపారమే పడిపోయిందనుకుంటారు.

ఇక్కడ ఇంకో కాగితం గురించి చెప్పాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే తహసీల్దారు సంతకంతో వచ్చే ఆదాయ ధ్రువపత్రాన్ని కొందరు ఉత్తరానికి జత చేస్తారు. ప్రభుత్వ ముద్ర ఉంది కదా, దీనికి మించిన రుజువేముంటుంది అనుకుంటారు. అది ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ, పథకాలకీ తీసుకునే పత్రం, కార్డు సంస్థలు మామూలుగా దాన్ని ఆదాయ రుజువుగా తీసుకోవు. అంతకంటే ముఖ్యం, అందులో ఆదాయం పథకం పరిమితికి లోబడి తక్కువే ఉంటుంది. ఐటీఆర్‌లో 8,40,000, ధ్రువపత్రంలో లక్ష చిల్లర ఉన్న ఇద్దరు మనుషుల్ని ఒకే కవరులో పంపినట్టవుతుంది. బియ్యం కార్డు పోతుందేమోనన్న భయంతో ఐటీఆర్ వేయడానికే జంకే ఇళ్లు ఉన్నాయి. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ రెండు చోట్ల రెండు ఆదాయాలు చూపిస్తూ పెద్ద లిమిట్ ఆశించడం కుదరదు. ఏది నిజమో ఇంట్లో ముందు తేల్చుకోవాలి.

ఇక కట్టుబడి సంగతి. ఆయన నెలకి 55,000 దాకా కార్డు వాడతాడు, గడువు లోపు మొత్తం కట్టేస్తాడు. ఇంతకంటే మంచి చరిత్ర ఏముంటుందని ఆయన అనుకుంటాడు. ఆయనకి తెలియనిది ఒకటుంది. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకి సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంటు తయారైన రోజున్న బకాయి. 60,000 లిమిట్‌లో 55,000 బకాయి అంటే 92 శాతం వాడకం. ఇరవై రోజుల తర్వాత అది మొత్తం కట్టినా, ఆ నెల రిపోర్టులో కనిపించేది నిండా వాడేసిన కార్డే. ప్రతి నెలా అంతే కాబట్టి, ఎప్పుడూ అంచు మీద నడిచే మనిషిలా కనిపిస్తాడు. దీనికి ఖర్చు లేని పరిష్కారం ఉంది. స్టేట్‌మెంటు తేదీ 18 అయితే, 15న 35,000 ముందే కట్టేయాలి. బిల్లు 20,000కే వస్తుంది, వాడకం 33 శాతంగా నమోదవుతుంది. దరఖాస్తుకి ముందు మూడు నాలుగు నెలలు ఇలా చేస్తే రిపోర్టు రూపమే మారుతుంది. నెలంతా ఎంత వాడాడో కార్డు సంస్థకి తన లెక్కల్లో ఎలాగూ తెలుసు. కాబట్టి ఎక్కువ లిమిట్ ఎందుకు కావాలో వాళ్లకి అర్థం కాకపోదు.

ఈయనకి పూర్తి విరుద్ధం, కనీస మొత్తం కట్టి సరిపెట్టే పద్ధతి. 55,000 బిల్లుకి 2,750 కట్టినా ఆలస్యం కింద నమోదు కాదు, ఆలస్య రుసుము పడదు. అందుకే అది కూడా మంచి చరిత్రే అనుకుంటారు. కానీ మిగిలిన బకాయి మీద నెలకి మూడు శాతానికి పైగా వడ్డీ పడటం, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోవడం అటుంచితే, సంస్థ తన ఫైలులో చూసేది పెరుగుతున్న బకాయిని. వరసగా ఆరు నెలలు కనీస మొత్తమే కట్టిన వ్యక్తి లిమిట్ పెంచమంటే, తీర్చలేనివాడు ఇంకా అప్పు అడుగుతున్నట్టే చదువుతారు. కార్డుతో ఏటీఎంలో నగదు తీసిన నెలలు ఉంటే ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. అలాంటివాళ్లు ఉత్తరం రాయడం ఆపి, ముందు ఆ బకాయి దించుకుని, కనీసం ఆరు బిల్లులు పూర్తిగా కట్టాక రాయడం మేలు.

ఒకటి రెండు రోజుల ఆలస్యానికి మాత్రం బెంగ పెట్టుకోనక్కర్లేదు. గడువు దాటి మూడు రోజులకి మించితేనే ఆలస్యంగా బ్యూరోకి చెప్పాలని, ఆలస్య రుసుము వేయాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉంది. మూడు దాటితే మాత్రం రోజుల్ని గడువు తేదీ నుంచే లెక్కిస్తారు.

ఉత్తరం రాసే ముందు సొంత క్రెడిట్ రిపోర్టు తెచ్చుకుని చదవడం ఎవరూ మానకూడని పని. నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మనం సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. స్కోరు అంకె చూసి మూసేయకుండా, కింద ఒక్కో లోనుకి నెలవారీ గడులు ఉండే చోటుకి వెళ్లాలి. గడిలో 000 ఉంటే ఆ నెల ఆలస్యం లేదు. వేరే అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యమైందని. మన ఉదాహరణలో ఆయనకి రెండు విషయాలు బయటపడ్డాయి అనుకుందాం.

మొదటిది బంగారం లోను. కళ్యాణదుర్గం దగ్గర నాన్న పొలానికి పెట్టుబడి కోసం బ్యాంకులో నగలు పెట్టాడు. దానికి నెలనెలా కిస్తీ ఉండదు, ఏడాదికోసారి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. మే 25న గడువు, ఆయన జూలై 4న వెళ్లాడు. ఇంట్లో ఎవరికీ అది ఆలస్యం అనిపించలేదు, వడ్డీ మొత్తం కట్టాడు, బంగారం బ్యాంకులోనే ఉంది. కానీ రిపోర్టులో జూన్ గడిలో 36 అని పడింది. కార్డు బిల్లులు ఎంత శుభ్రంగా ఉన్నా, చదివేవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. రాయలసీమలో కార్డు చరిత్ర బాగుండి దరఖాస్తు వెనక్కొచ్చిన వాళ్లు మొదట వెతకాల్సింది ఇలాంటి గడినే. ఇంకొకరి లోనుకి హామీ సంతకం పెట్టి ఉంటే అదీ ఇదే రిపోర్టులో కనిపిస్తుంది.

రెండోది బైకు లోను. జూన్‌లోనే తీరిపోయింది, సెప్టెంబరులో తీసిన రిపోర్టులో ఇంకా నడుస్తున్నట్టే ఉంది. నెలకి 3,200 ఏముందిలే అనుకోకూడదు. పాత 5,64,000 ఆదాయంతోనే లెక్క వేసినా, ఆ 3,200 తీసేస్తే మిగులు 3,800 నుంచి 7,000 అవుతుంది, ఇమిడే లిమిట్ 76,000 నుంచి 1,40,000కి పోతుంది. లోను ఇచ్చిన సంస్థ నుంచి తీరిపోయిన పత్రం తీసుకుని, బ్యూరో వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. రిపోర్టు మారాకే కార్డు సంస్థకి రాయడం మంచిది. ఆగలేకపోతే ఆ పత్రం ఉత్తరానికి జత చేయాలి.

ఉత్తరంలో రాయకూడని మాట ఒకటి ఈ వ్యాపారుల నోటి చివరే ఉంటుంది: షాపుకి సరుకు తెప్పించుకోవడానికి లిమిట్ చాలడం లేదు. వ్యక్తిగత కార్డు సొంత ఖర్చులకే అని చాలా కార్డుల నిబంధనల్లో ఉంటుంది. సరుకు కొనడానికి వాడుతున్నానని రాసి ఇస్తే లిమిట్ పెరగకపోగా, ఉన్న కార్డు మీద కూడా ప్రశ్నలు రావచ్చు. ఒకే హోల్‌సేల్ వ్యాపారికి నెలనెలా పెద్ద మొత్తాలు గీస్తుంటే సంస్థ వ్యవస్థలు అడక్కుండానే పట్టుకుంటాయి. అలాగని దాచమని కాదు. సరుకుకే కావాలంటే బిజినెస్ కార్డు అడగాలి, లేదా బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు పెట్టించుకోవాలి, వడ్డీ కూడా చాలా తక్కువ పడుతుంది. ఇంటి ఖర్చుల కార్డుకి లిమిట్ అడిగితే అది ఇంటి ఖర్చులకే ఉండాలి.

నిర్ణయం తీసుకునే విభాగం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంటుంది కాబట్టి ఉత్తరం మామూలుగా ఇంగ్లీషులోనే పంపుతారు. విషయం మాత్రం తెలుగులో ముందు సరిచూసుకుంటే తప్పులు రావు. మన ఉదాహరణకి ఇలా ఉండొచ్చు:

"విషయం: కార్డు లిమిట్ రూ.60,000 నుంచి రూ.1,50,000కి పెంచమని అభ్యర్థన. కార్డు చివరి నాలుగు అంకెలు: ____.

ఈ కార్డు 2021 నుంచి వాడుతున్నాను. లిమిట్‌ను రూ.1,50,000కి పెంచవలసిందిగా కోరుతున్నాను, అందుకు నా సమ్మతి తెలియజేస్తున్నాను.

కార్డు తీసుకున్నప్పుడు నా వార్షిక ఆదాయం రూ.3,60,000గా నమోదైంది. గత రెండేళ్ల ఐటీఆర్‌ల ప్రకారం ఆదాయం రూ.5,64,000, రూ.8,40,000. రసీదులు, ఆదాయం లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, కరెంటు అకౌంటు 12 నెలల స్టేట్‌మెంటు జత చేశాను.

గత 24 నెలల్లో ఈ కార్డు బిల్లు ప్రతి నెలా గడువు లోపు పూర్తిగా చెల్లించాను. కార్డుతో నగదు తీయలేదు. ప్రస్తుతం నాకున్న ఈఎంఐ ఇంటి లోనుది, నెలకి రూ.16,500. బైకు లోను జూన్‌లో తీరింది, పత్రం జత చేశాను.

నా క్రెడిట్ రిపోర్టులో జూన్ నెలకి బంగారం లోను మీద 36 రోజుల ఆలస్యం కనిపిస్తుంది. అది ఏడాదికోసారి రెన్యువల్ చేసే లోను. మే 25న గడువు ముగియగా జూలై 4న వడ్డీ మొత్తం చెల్లించి రెన్యువల్ చేయించాను. రసీదు జత చేశాను.

పూర్తి మొత్తం పెంచడం వీలుకాకపోతే వీలైనంత పెంచినా సమ్మతమే. పెంచలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో బతిమాలడం లేదు, సంస్థని పొగడటం లేదు. బంగారం లోను సంగతి వాళ్లు కనిపెట్టే ముందే చెప్పడం ముఖ్యం. తేదీలు, రసీదు ఉన్న ఆలస్యం ఒక సంఘటనగా కనిపిస్తుంది, చెప్పకుండా వదిలేస్తే అలవాటుగా కనిపిస్తుంది. సమ్మతి మాట కూడా ఊరికే పెట్టింది కాదు. కార్డుదారు స్పష్టంగా ఒప్పుకోకుండా సంస్థ తనంతట తాను లిమిట్ పెంచకూడదని 2022 ఆదేశాల్లో ఉంది. ఉత్తరంలోనే సమ్మతి ఉంటే మళ్లీ దానికోసం ఫైలు ఆగదు.

ఈ ఉత్తరం వెళ్లాల్సింది యాప్‌లోని సర్వీస్ రిక్వెస్ట్ ద్వారా, లేదా నమోదు చేసుకున్న ఈమెయిల్ నుంచి కార్డు విభాగం ఈమెయిల్‌కి. అకౌంటు ఉన్న బ్రాంచిలో మేనేజరు తెలిసినవాడే అయినా, కార్డు లిమిట్ సాధారణంగా ఆయన చేతిలో ఉండదు. బ్రాంచిలో ఇస్తే ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. పూర్తి కార్డు నంబరు, వెనకవైపు మూడంకెలు ఎక్కడా రాయకూడదు, ఆధార్ అవసరమైతే అంకెలు కప్పేసిన కాపీ చాలు. మొదలు ఎప్పుడూ మన వైపు నుంచే ఉండాలి. లిమిట్ పెంచుతామంటూ వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమనేవాళ్లు, ఓటీపీ చెప్పమనేవాళ్లు మోసగాళ్లే. ఇప్పుడే ఉత్తరం పంపి జవాబు కోసం చూస్తున్న మనిషి అలాంటి ఫోన్‌ని సులువుగా నమ్ముతాడు. అందుకే ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి మనమే చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. అడిగినంత పెంచితే సరే. 60,000 నుంచి 90,000కి మాత్రమే పెంచితే తీసుకోవడమే మంచిది. అదే 55,000 వాడకం అప్పుడు 61 శాతమే అవుతుంది, తర్వాతి ఐటీఆర్ వేశాక మళ్లీ అడిగేటప్పుడు మెట్టు పైనుంచి మొదలవుతుంది. కాదంటే కారణం అడగాలి. కొత్త కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ఉంది. లిమిట్ విషయంలోనూ అడిగితే చాలా సంస్థలు ఒక ముక్క రాస్తాయి. ఆదాయం చాలదంటే వచ్చే ఐటీఆర్ దాకా ఆగాలి. బ్యూరో రిపోర్టు అంటే ఏ గడి అడ్డుపడిందో చూసుకుని ఆరు నెలలు శుభ్రంగా నడిపించాలి. ఆ కోపంలో వెంటనే నాలుగు వేరే కార్డులకి దరఖాస్తు పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. ఒక్కో దరఖాస్తుకీ రిపోర్టులో ఒక్కో విచారణ నమోదై, డబ్బు కోసం తిరుగుతున్న మనిషిలా కనిపిస్తాం.

లిమిట్ పెంచకపోవడం మీద, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా ఫలితం ఉండదు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ వ్యాపార నిర్ణయం, దానిలోకి అంబుడ్స్‌మన్ వెళ్లరు. బైకు లోను తీరినా రిపోర్టు సరిచేయకపోవడం, సమ్మతి లేకుండా లిమిట్ పెంచేయడం, ఫిర్యాదుకి 30 రోజులైనా జవాబే ఇవ్వకపోవడం మాత్రం అక్కడ వినదగినవే. ముందు సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి కాబట్టి, పంపిన ఈమెయిల్, వచ్చిన రిక్వెస్ట్ నంబరు, బ్రాంచి ముద్ర ఉన్న కాపీ ఒకే చోట దాచుకోవాలి.